మీటర్ రీడింగ్ మూడు రోజులు బాగుండి హఠాత్తుగా మైనస్‌లోకి పోతే: ఎన్‌కోడర్ కౌంట్ సమస్యలు

గీసుకొండ వైపు బట్ట చుట్టే మిషన్‌ను లెక్కకు తీసుకుందాం. మెజరింగ్ వీల్ చుట్టుకొలత 500 మి.మీ., ఎన్‌కోడర్ 1000 పల్సులది. ఎ, బి ఫేజుల అన్ని అంచులూ లెక్కిస్తే ఒక చుట్టుకు 4000, అంటే మి.మీ.కు 8 కౌంట్లు. నిమిషానికి 60 మీటర్ల వేగంలో ఒక్కో ఫేజుపై 2000 హెర్ట్జ్, సెకనుకు 8000 కౌంట్లు.

మెల్లగా తిప్పితే కౌంట్ వస్తుంది, వేగం పెంచితే ఆగిపోతుంది

ఎన్‌కోడర్ మార్చే ముందు ఇన్‌పుట్ ఫిల్టర్ చూడండి. దయచేసి ముందు ఇదే చూడండి. సీమెన్స్ పీఎల్‌సీ S7-1200లో అది మొదట్నుంచీ 6.4 మిల్లీసెకన్ల మీద ఉంటుంది, దాంతో 78 హెర్ట్జ్ దాటితే పల్సు కనిపించదు. ఎ, బి రెండింటికీ 0.05 మిల్లీసెకన్లు పెడితే 10 కిలోహెర్ట్జ్ వరకు వస్తుంది, ఈ మిషన్‌కు అది చాలు.

బట్ట నడుస్తున్నా కౌంట్ ఒకటి పెరిగి ఒకటి తగ్గుతూ అక్కడే ఉంటుంది

ఒక ఫేజు రావట్లేదు. వైరు, టెర్మినల్ చూడండి. కౌంట్ సరిగ్గా వచ్చి దిశ మాత్రం తిరగబడితే ఎ, బి వైర్లు మార్చేయండి.

మూడు రోజులు ఆపకుండా నడిచాక మీటర్లు పిచ్చిగా మారి, మిషన్ వెనక్కి తిరిగినట్టు చూపిస్తుంది

అందరూ నాయిస్ అనుకుని షీల్డ్ కేబుల్ కొనేది దీనికే. 32 బిట్ కౌంటర్ 2147483647 దాటగానే -2147483648కి పోతుంది. సెకనుకు 8000 చొప్పున ఆపకుండా నడిస్తే సున్నా నుంచి అక్కడికి చేరడానికి సుమారు 74 గంటల 34 నిమిషాలు పడుతుంది. టెస్టింగ్‌లో ఎవరూ అంతసేపు నడపరు, మధ్యలో కౌంట్ రీసెట్ అయితే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే తప్పు దొరకదు.

అసలు తప్పు "ఇప్పటి కౌంట్ పాతదాని కంటే ఎక్కువైతే ముందుకు" అని రాసిన లైనులో ఉంది. పాతది 2147483600, 10 మిల్లీసెకన్ల తర్వాత కొత్తది -2147483616 అనుకోండి. పోల్చి చూస్తే వెనక్కి వెళ్లినట్టే. తీసివేస్తే మాత్రం 32 బిట్లలో సరిగ్గా 80 వస్తుంది, అంటే బట్ట 10 మి.మీ. ముందుకు కదిలింది. కాబట్టి కౌంట్లను పోల్చకండి, తేడా తీసి దాని గుర్తు చూడండి:

```
#diff := #now - #prev;
#prev := #now;
#total := #total + #diff;
#fwd := #diff > 0;
#rev := #diff < 0;
```

కౌంట్లన్నీ `DInt`గానే ఉంచాలి. ముందే `Real`లోకి మారిస్తే 16777216 దాటాక కౌంట్లు రాలిపోతాయి, ఇక్కడ అది 35 నిమిషాల్లోనే. మొదటి స్కాన్‌లో `#prev`కి `#now` ఇవ్వండి. రోల్ మారినప్పుడు `#total`నే సున్నా చేయండి, హార్డ్‌వేర్ కౌంటర్‌ను ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఆ స్కాన్‌లో తేడా తప్పుగా వస్తుంది.

కౌంటర్ పరిధిని మీరే 0 నుంచి 3999కి కుదిస్తే ఈ తీసివేత ఒక్కటే సరిపోదు. తేడా 2000 దాటితే 4000 తీసేయండి, -2000 కంటే కిందికి పోతే 4000 కలపండి. ఒక స్కాన్‌లో సగం చుట్టు కంటే తక్కువ తిరిగినంతవరకే ఇది పనిచేస్తుంది. కొన్ని పీఎల్‌సీలు ఓవర్‌ఫ్లో కాగానే ఫాల్ట్‌లోకి పోతాయి, వాటిలో ఆ ట్రాప్ బిట్‌ను క్లియర్ చేయాలి.

కప్లింగ్ జారడం, ఎన్‌కోడర్ డిస్క్ పగలడం అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి.