ఒక్క పేజీ బ్రాండ్ గైడ్: లోగో చుట్టూ ఖాళీ, కనీస పరిమాణం, రంగులు, ఫాంట్లను ఎలా నిర్ణయించి రాయాలి?

చిన్న సంస్థ లోగోను యజమాని కంటే ఎక్కువగా వాడేది బయటివారే. ఫ్లెక్సీ షాపులోని ఆపరేటరు, బిల్లు పుస్తకాలు వేసే ప్రెస్సువారు, లేబుళ్లు నేసి ఇచ్చేవారు, ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టే కుర్రాడు తలా ఒకసారి దాన్ని సాగదీస్తారు, రంగు మారుస్తారు, అంచుకు అతికిస్తారు. వారికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, ఎలా వాడాలో ఎవరూ రాసి ఇవ్వకపోవడమే కారణం. అందుకే బ్రాండ్ గైడ్‌ను వారు గోడకు అంటించుకుని చూసుకోగలిగే ఒక ఏ4 కాగితంగా తయారుచేయాలి. అందులోని ప్రతి అంకె ఎక్కడి నుంచో తెచ్చి రాసినది కాకుండా, మీ సొంత లోగోను పరీక్షించి తేల్చినదై ఉండాలి.

ఉదాహరణకు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించి అమ్మే ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. దాని లోగోలో ఎడమవైపు డైమండ్ ఆకారంలో ఒక చిహ్నం, కుడివైపు పెద్ద అక్షరాల్లో ‘ఓరుగల్లు’తో మొదలయ్యే పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ‘జంపఖానాలు, కొత్తవాడ’ అనే వరుస ఉన్నాయి. లోగో 60 మిల్లీమీటర్ల వెడల్పున ఉన్నప్పుడు చిహ్నం ఎత్తు 18 మిల్లీమీటర్లు.

ముందుగా లోగో ఎక్కడెక్కడికి వెళ్తుందో రాసుకోండి

అంకెల జోలికి వెళ్లకముందే లోగో కనిపించే చోట్లన్నీ ఒక కాగితం మీద రాయాలి. మన సంస్థకు అవి షాపు బోర్డు, విజిటింగ్ కార్డు, బిల్లు పుస్తకం, రబ్బరు స్టాంపు, జంపఖానా అంచున కుట్టే నేత లేబుల్, పార్శిల్ అట్టపెట్టె, వాట్సాప్ ప్రొఫైల్ చిత్రం. వీటిలో లోగోకు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఏవో గుర్తించాలి. ఇక్కడ అవి నేత లేబుల్, రబ్బరు స్టాంపు, ఫోన్ తెరమీది చిన్న వృత్తం. నియమాలు ఈ మూడింటిని తట్టుకుంటే మిగతా చోట్ల పెద్దగా సమస్య రాదు.

లోగో చుట్టూ ఖాళీ

ఈ ఖాళీని మిల్లీమీటర్లలో రాయకూడదు. విజిటింగ్ కార్డుకు సరిపోయే 5 మిల్లీమీటర్లు పది అడుగుల బోర్డు మీద కంటికి కూడా ఆనవు. లోగోలోనే ఉన్న ఒక భాగాన్ని కొలతగా తీసుకుంటే, లోగో పెరిగినప్పుడు ఖాళీ కూడా దానితోపాటే పెరుగుతుంది. మన ఉదాహరణలో చిహ్నం ఎత్తులో సగాన్ని కొలతగా పెట్టుకుందాం. 60 మిల్లీమీటర్ల లోగోకు నాలుగు వైపులా 9 మిల్లీమీటర్లు వదలాలి. కార్డు మీద 35 మిల్లీమీటర్ల లోగోకు 5 మిల్లీమీటర్ల పైచిలుకు చాలు. బోర్డు మీద లోగోను 4 అడుగుల వెడల్పున వేస్తే సుమారు 7 అంగుళాలు వదలాలి.

తెలుగు లోగోలో ఈ ఖాళీని ఎక్కడి నుంచి కొలవాలన్నది తప్పనిసరిగా బొమ్మ గీసి చూపించాలి. ‘ల్లు’లోని ఒత్తు మిగతా అక్షరాల కంటే కిందికి దిగుతుంది, గుడి, ఏత్వం వంటివి పైకి లేస్తాయి. ఆపరేటరు అక్షరాల నడుము నుంచి కొలిస్తే కింద వచ్చే ఫోన్ నంబరు ఒత్తును తాకుతుంది. కాబట్టి అన్నిటికంటే పైకి లేచిన గుర్తు, అన్నిటికంటే కిందికి దిగిన ఒత్తు తాకేలా ఒక దీర్ఘచతురస్రపు గీత గీసి, ఆ గీత బయటి నుంచే ఖాళీని చూపాలి. మన లోగోలో చిన్న వరుస అన్నిటికంటే కింద ఉంది కనుక కింది హద్దు దాని ఒత్తుల దగ్గర పడుతుంది. చిన్న వరుస లేని రూపం వాడినప్పుడు మాత్రం ఆ హద్దు ‘ల్లు’ ఒత్తు దగ్గరికి జరుగుతుంది.

కాగితం అంచును కూడా ఈ ఖాళీ దాటనివ్వకూడదు, ఎందుకంటే కట్టింగ్ యంత్రం దగ్గర కార్డుల కట్ట ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరగడం మామూలే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపును వాడుకునే నమోదు మీ సంస్థకు ఉండి దాని ముద్ర వేస్తున్నట్లయితే, దాన్ని ఈ ఖాళీకి బయటే ఉంచాలని ఒక వాక్యంలో రాయండి. అది మీ లోగోలో భాగం కాదు.

కనీస పరిమాణం

ఒకే కాగితం మీద లోగోను 50, 40, 30, 25, 20, 15 మిల్లీమీటర్ల వెడల్పుల్లో వరుసగా పెట్టి ప్రింటు తీయండి. ప్రింటు పెట్టెలో ‘Fit to page’ ఎంచుకుని ఉంటే కొలతలన్నీ మారిపోతాయి, ‘Actual size’ లేదా 100 శాతం ఎంచుకుని, వచ్చాక స్కేలుతో కొలిచి సరిచూసుకోవాలి. ఆ కాగితాన్ని సంస్థ పేరు ముందే తెలిసినవారికి చూపితే ఉపయోగం లేదు, వారు చదవకుండానే గుర్తుపట్టేస్తారు. పేరు తెలియని ఇద్దరు ముగ్గురికి, వారిలో ఒక పెద్ద వయసువారు ఉండేలా చూసుకుని, చేయి చాపినంత దూరంలో పట్టుకుని చదవమనండి.

తెలుగు అక్షరం చిన్నదయ్యే కొద్దీ ముందుగా దెబ్బతినేవి ఒత్తులు, ఆ తరువాత ‘ఓ’, ‘ఖ’ వంటి అక్షరాల లోపలి ఖాళీలు. ఒత్తు ముద్దగా మారితే ‘ల్లు’ ఏ అక్షరమో తెలియదు, తలకట్టుకూ అక్షరానికీ మధ్య ఉండే సందు సిరాతో నిండిపోతుంది. ఇంగ్లిషు పేరుతో చేసిన పరీక్షలో వచ్చిన పరిమాణం తెలుగు పేరుకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

మన ఉదాహరణలో 30 దగ్గర చిన్న వరుస చదవడం కష్టమైంది, 25 దగ్గర పేరు మాత్రం ఇంకా స్పష్టంగా ఉంది, 20 దగ్గర ఒత్తు ముద్దయింది అనుకుందాం. అప్పుడు చిన్న వరుసతో కూడిన పూర్తి లోగోకు కనీసం 50, పేరు, చిహ్నం మాత్రమే ఉన్న రూపానికి కనీసం 30, అంతకంటే చిన్న చోట చిహ్నం ఒక్కటే అని రాయాలి. పరీక్షలో నిలిచిన అంకెకు ఒక మెట్టు పైదాన్నే గైడ్‌లో పెట్టడం మంచిది, ఎందుకంటే బిల్లు పుస్తకం కాగితం మీ పరీక్ష కాగితం కంటే సిరాను ఎక్కువగా పీల్చవచ్చు.

నేత లేబుల్‌కు ఈ అంకెలు పనికిరావు. అక్కడ గీత సన్నదనాన్ని దారం మందమే నిర్ణయిస్తుంది. లేబుల్ చేసేవారి దగ్గర ఒక నమూనా నేయించి, ఒత్తు విడిగా కనిపించిన వెడల్పునే రాసుకోండి. రబ్బరు స్టాంపుకు కూడా ఇలాగే ఒకటి చేయించి చూడాలి.

తెరల కోసం పరిమాణాన్ని పిక్సెళ్లలో ఇవ్వాలి. పరీక్ష ఇక్కడా అదే, చూడాల్సింది మాత్రం ఫోన్ మీద. వాట్సాప్ చతురస్రపు చిత్రాన్ని వృత్తంగా చూపుతుంది కాబట్టి మూలలు పోతాయి. వృత్తంలో పూర్తిగా ఇమిడే చతురస్రం చిత్రం భుజంలో సుమారు 70 శాతమే ఉంటుంది. అందుకే ప్రొఫైల్ చిత్రంలో పేరు పెట్టకుండా చిహ్నాన్ని మాత్రమే, ఆ 70 శాతం లోపల పెట్టాలని రాయండి.

రంగులు

చిన్న సంస్థకు రెండు రంగులు, అక్షరాలకు ఒక నలుపు చాలు. ప్రతి రంగుకూ # కోడ్, RGB అనే తెర విలువలు, CMYK అనే నాలుగు సిరాల అచ్చు విలువలు రెండూ ఇవ్వాలి.

```
ఎరుపు   #9E1B32  RGB 158,27,50   CMYK 20,100,80,15
పసుపు   #E3A72F  RGB 227,167,47  CMYK 10,35,95,0
నలుపు   #2B2B2B  RGB 43,43,43    CMYK 0,0,0,100
```

అచ్చు విలువలను లెక్కతో తెచ్చుకుని వదిలేయకండి. ఈ ఎరుపును మామూలు సూత్రంతో మారిస్తే 0, 83, 68, 38 వస్తుంది. నలుపు సిరా అంత ఎక్కువగా కలిస్తే ఎరుపు మసకబారి ఇటుక రంగుకు దిగే ప్రమాదం ఉంది. అందుకే నలుపు తగ్గించి, మిగతావి పెంచిన రెండు మూడు కలయికలను మీ ప్రెస్సులోనే వేయించి, నచ్చినదాన్ని ఎంచుకోవాలి. ఆ అచ్చు ముక్క మీద తేదీ వేసి, ఎండ తగలని చోట దాచండి. ఫ్లెక్సీ యంత్రం అవే అంకెలకు వేరే ఛాయ ఇస్తే, పోల్చి సరిచేయడానికి ఆ ముక్కే ఆధారం. దారానికి ఈ అంకెలేవీ వర్తించవు, దాన్ని షేడ్ కార్డులోంచి కంటితో పోల్చి ఎంచుకుని, ఆ నంబరును గైడ్‌లో రాయాలి.

ఏ రంగు మీద ఏ రంగు వేయవచ్చో కూడా చెప్పాలి. చిన్న అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5 ఉండాలన్నది వెబ్ సౌలభ్య ప్రమాణాల్లోని నియమం. మన ఎరుపుకు తెలుపు మీద దాదాపు 7.9 వస్తుంది, పసుపుకు 2.1 మాత్రమే. కాబట్టి పసుపును పట్టీలకు, అంచులకు వాడాలి, తెలుపు మీద పసుపు అక్షరాలు వేయకూడదు. బిల్లులోని చిన్న అక్షరాలను నలుపు సిరా ఒక్కదానితోనే వేయించండి, నాలుగు సిరాలు కలిస్తే ఏ ఒక్కటి కొద్దిగా పక్కకు జరిగినా ఒత్తుల చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి. స్టాంపు, ఒకే రంగు అచ్చుల కోసం లోగోకు పూర్తి నలుపు రూపం ఒకటి కూడా ఇవ్వాలి.

ఫాంట్లు

ఇక్కడ ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది పాత డీటీపీ పద్ధతి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఆ ప్రెస్సు కంప్యూటరులో బాగానే కనిపిస్తుంది, అదే పాఠ్యాన్ని వాట్సాప్‌లోకి కాపీ చేస్తే అర్థంకాని గుర్తులుగా మారుతుంది. అందువల్ల గైడ్‌లో యూనికోడ్ ఫాంటు పేరే రాయాలి. `Anek Telugu` గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, తెలుగు, ఇంగ్లిషు అక్షరాలు రెండూ దానిలోనే ఉన్నాయి, సన్నం నుంచి లావు వరకు రూపాలున్నాయి. శీర్షికలకు బోల్డ్, మిగతా పాఠ్యానికి రెగ్యులర్ అని చెబితే సరిపోతుంది, రెండో ఫాంటు అవసరం రాదు. వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు ఉంచమని రాయండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.

ఆపరేటరు సాఫ్ట్‌వేరు తెలుగును సరిగా కూర్చుతుందో లేదో తెలుసుకోవడానికి ‘లక్ష్మి, స్త్రీ, జ్ఞానం’ అనే మాటలను పరీక్షగా పేజీలో పెట్టండి. ఒత్తులు విడిపోయి పక్కకు వస్తే సాఫ్ట్‌వేరులో భారతీయ భాషల సెట్టింగు ఆన్‌లో లేదనో, ఆ సాఫ్ట్‌వేరు తెలుగును సరిగా కూర్చలేదనో అర్థం. లోగోలోని పేరును మాత్రం ఎవరూ మళ్లీ టైపు చేయకూడదు, దాన్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా మార్చిన ఫైలుగానే ఇవ్వాలి. కోరల్‌డ్రాలో దీనికి `Ctrl+Q` నొక్కితే చాలు.

పేజీని కూర్చడం, పరీక్షించడం

పైన లోగోను దాని ఖాళీ గీతలతో, దాని పక్కన మూడు రూపాలను కనీస పరిమాణంలోనే, అంటే అసలు కొలతలోనే, అచ్చువేయండి. మధ్యలో రంగుల గళ్లు, వాటి కింద ఫాంటు నమూనా, అడుగున ఫైళ్ల పేర్లు, గైడ్ తేదీ, సందేహం వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు ఉండాలి. ప్రెస్సుకు పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ, తెరలకు వెనుక రంగు లేని పీఎన్‌జీ ఇవ్వాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి.

ఆ తరువాత హన్మకొండలోనో, మీకు దగ్గరలోనో ఉన్న ఒక డీటీపీ షాపులో ఈ కాగితం, ఫైళ్లు మాత్రమే ఇచ్చి, మీరు పక్కన నిలబడి వివరించకుండా ఒక విజిటింగ్ కార్డు చేయమనండి. ఆపరేటరు ఫోన్ చేసి అడిగిన ప్రతి ప్రశ్నా పేజీలో లేని ఒక వాక్యమే, దాన్ని చేర్చి, తేదీ మార్చి మళ్లీ అచ్చువేయండి.