చాట్‌బాట్ జవాబును, ఏఐ బొమ్మను పేపర్‌లో ఎలా చూపించాలి?

బెంగళూరులో ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు పిల్లల డ్రాఫ్టులు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. ఈమధ్య దాదాపు అందరూ అడిగేది ఒకటే: "అక్కా, చాట్‌జీపీటీని రిఫరెన్సుల్లో ఎలా రాయాలి?" ఎలా రాయాలో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అసలు రాయాలా వద్దా అన్నది తేల్చుకోవడమే పెద్ద పని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకమ్మాయి బెంగళూరులోని బెళ్ళందూరు చెరువు నురగ మీద పేపర్ రాస్తోంది అనుకోండి. ఆమె చాట్‌బాట్‌తో మూడు పనులు చేయించుకుంది. నురగ ఎందుకు వస్తుందో రిఫరెన్సులతో సహా చెప్పమంది. తను రాసుకున్న అబ్‌స్ట్రాక్ట్‌లో ఇంగ్లిష్ సరిచేయించుకుంది. చెరువు నీళ్లు కిందికి దూకే చోట నురగ ఎలా పుడుతుందో బొమ్మ గీయించుకుంది. మూడూ ఒకే యాప్‌లో, ఒకే సాయంత్రం జరిగినా, పేపర్‌లో వీటిని చూపించే పద్ధతి మాత్రం దేనికదే వేరు.

విషయం కావాలంటే అసలు మూలానికే వెళ్లండి

శుద్ధి చేయని మురుగునీటితో పాటు డిటర్జెంట్లలో నురగ పుట్టించే సర్ఫాక్టెంట్లనే రసాయనాలు చెరువులో చేరతాయని, నీళ్లు ఎత్తు నుంచి పడేచోట గాలి కలిసి నురగ కడుతుందని చాట్‌బాట్ చెప్పింది. మాట నిజమే. అయినా దీనికి చాట్‌బాట్‌ను రిఫరెన్సుగా చూపించకూడదు. ఈ చెరువు మీద ఐఐఎస్సీ వాళ్లు ఏళ్ల తరబడి నీటి నమూనాలు తీసి రిపోర్టులు రాశారు. చాట్‌బాట్ ఒక్క నమూనా కూడా తీయలేదు. ఏఐ రాసినదాన్ని ప్రాథమిక మూలంగా చూపడం కుదరదని వైద్య పత్రికల సంపాదకుల సంఘం ఐసీఎంజేఈ తన నియమాల్లోనే రాసింది. మిగతా రంగాల్లోనూ గైడ్లు అడిగేది ఇదే.

కాబట్టి చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటిగా తనిఖీ చేయాలి. పేపర్‌ను గుర్తించడానికి ఇచ్చే డీఓఐ నంబర్‌ను doi.org పేజీలో పేస్ట్ చేయండి. DOI Not Found అని వస్తే ఆ నంబర్‌ను వదిలేయండి. కొన్నిసార్లు లింక్ తెరుచుకుంటుంది కానీ పేపర్ ఇంకేదో విషయం మీద ఉంటుంది. అలాంటప్పుడు టైటిల్‌ను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి క్రాస్‌రెఫ్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో వెతకండి. స్కాలర్‌లో ఒక చిక్కుంది. లింక్ లేకుండా, ముందు [CITATION] అని ఉన్న ఎంట్రీ కనిపిస్తే అది నిజమైన పేపరేనని నమ్మకండి. ఎవరో తమ పేపర్‌లో పేర్కొన్నారు కాబట్టి స్కాలర్ దాన్ని చూపిస్తోంది, అంతే. మీకు దొరికిన దొంగ రిఫరెన్సునే మీకంటే ముందు ఇంకొకరు వాడేసి ఉండొచ్చు.

అన్నిటికంటే కష్టంగా పట్టుబడేది మరొకటుంది. పేపర్ నిజం, రచయిత నిజం, పత్రిక నిజం, కానీ చాట్‌బాట్ చెప్పిన మాట మాత్రం ఆ పేపర్‌లో ఉండదు. దీన్ని పట్టుకోవాలంటే పేపర్ తెరిచి ఆ పేజీ చదవడం తప్ప వేరే దారి లేదు. చాట్‌బాట్ ఏ బీరువాలోంచో పేపర్ తీసి చూసి చెప్పదు. ముందున్న మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కకట్టుకుంటూ పోతుంది. రిఫరెన్సు అంటే పేర్లు, సంవత్సరం, టైటిల్, పత్రిక అనే వరస దానికి బాగా వచ్చు. ఆ వరసలో నింపిన వివరాలు నిజమా కాదా అన్న పూచీ దానికి లేదు. ఇప్పుడు కొన్ని చాట్‌బాట్లు వెబ్‌లో వెతికి లింకులు ఇస్తున్నాయి. అప్పుడు కూడా మీరు చూపించాల్సింది ఆ లింకులో ఉన్న రిపోర్టును, అది కూడా చదివాక.

మనిషిని ఉటంకించడానికీ దీనికీ తేడా

ఒక శాస్త్రవేత్త పేరు, సంవత్సరం, పేజీ నంబర్ రాశామంటే, పాఠకుడు లైబ్రరీకి వెళ్లి అదే పేజీలో అదే వాక్యం చదవగలడు. పదేళ్ల తర్వాత కూడా అది మారదు. తప్పని తేలితే ఆ రచయితనే నిలదీయొచ్చు, పత్రికలో సవరణ వేయించొచ్చు. చాట్‌బాట్ విషయంలో వీటిలో ఒక్కటీ జరగదు. ఇదే ప్రశ్న రేపు అడిగితే జవాబు వేరే మాటల్లో, ఒక్కోసారి వేరే అర్థంతోనే వస్తుంది. కొన్నాళ్లకు కంపెనీ ఆ మోడల్‌నే తీసేస్తుంది. మీ స్క్రీన్ మీద వచ్చిన జవాబు మీ గైడ్ స్క్రీన్ మీద కనిపించదు.

ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ 2023 ఫిబ్రవరిలో దీని మీద స్పష్టంగా చెప్పింది. తను రాసినదానికి బాధ్యత తీసుకోవడం, ప్రయోజనాల సంఘర్షణ ఉందో లేదో ప్రకటించడం, కాపీరైట్ ఒప్పందాల సంగతి చూసుకోవడం ఏఐ టూల్‌కు చేతకాదు, కాబట్టి అది పేపర్‌కు రచయిత కావడం కుదరదు. చాట్‌జీపీటీ కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్ని పేపర్ల మీద దాన్ని సహరచయితగా వేసేశారు కూడా! ఆ సరదా ఎక్కువ కాలం సాగలేదు.

అందుకని చాట్‌బాట్‌కు ఇచ్చే రిఫరెన్సును సాక్ష్యంగా కాకుండా, మీరు ఏ పని ఎలా చేశారో చెప్పే రికార్డుగా చూడండి. అది నిజంగా అవసరమయ్యేది చాట్‌బాట్ జవాబే మీ చర్చకు ముడిసరుకు అయినప్పుడు. మన అమ్మాయి తన పేపర్‌లో "బెళ్ళందూరు నురగ గురించి తెలుగులో అడిగితే ఏం చెప్పింది, ఇంగ్లిష్‌లో అడిగితే ఏం చెప్పింది" అని పోల్చి రాస్తోందనుకోండి. అప్పుడు ఆ జవాబులను తప్పకుండా ఉటంకించాలి.

దానికి అదే రోజు నాలుగు వివరాలు దాచుకోవాలి: మీరు టైప్ చేసిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా, మోడల్ పేరు, తేదీ, పూర్తి జవాబు. జవాబును పీడీఎఫ్‌గా సేవ్ చేసి పేపర్ చివర అనుబంధంలో పెట్టండి. షేర్ లింక్ ఒక్కటే నమ్ముకుంటే, మీరు ఆ చాట్ డిలీట్ చేసిన రోజు లింక్ కూడా పోతుంది. మీ గురించి చాట్‌బాట్‌కు ముందే ఏవైనా సూచనలు ఇచ్చి ఉంటే అవి కూడా జవాబును మారుస్తాయి కాబట్టి, వాటిని ఆపేసి కొత్త చాట్‌లో అడగడం మంచిది.

ఇక ఫార్మాట్. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఏపీఏ, ఎంఎల్‌ఏ అనే రెండింటిని చూద్దాం. ఏపీఏ పద్ధతిలో రచయిత ఉండాల్సిన చోట టూల్‌ను తయారుచేసిన కంపెనీ పేరు వస్తుంది:

```
OpenAI. (2025). ChatGPT (GPT-4o) [Large language model]. https://chatgpt.com
```

కంపెనీ పేరు ఉంది కదా అని ఆ అభిప్రాయం కంపెనీదని కాదు, టూల్ ఎవరిదో చెప్పడమే దాని పని. మీరు అడిగిన ప్రశ్న ఈ లైన్‌లో ఎక్కడా లేదు చూడండి. అందుకే దాన్ని పేపర్ లోపల మీ వాక్యంలోనే చెప్పాలి.

ఎంఎల్‌ఏ పద్ధతిలో రచయిత స్థానాన్ని ఖాళీగా వదిలేసి, ప్రశ్ననే టైటిల్‌గా పెడతారు:

```
"Why does Bellandur Lake produce foam" prompt. ChatGPT,
model GPT-4o, OpenAI, 12 Mar. 2025, chatgpt.com.
```

నాకు ఎంఎల్‌ఏ పద్ధతే నచ్చుతుంది. అక్కడ మనిషి ఎవరూ లేరన్న సంగతి దాచకుండా చెబుతుంది, ఏం అడిగారో పాఠకుడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. కానీ ఎంపిక మనది కాదు, డిపార్ట్‌మెంట్‌ది. ఈ నియమాలు ఇంకా మారుతూనే ఉన్నాయి కాబట్టి సబ్మిట్ చేసే వారంలో ఒకసారి తాజా రూపం చూసుకోండి.

ఇంగ్లిష్ సరిచేయించుకుంటే

ఇది రిఫరెన్సుల్లోకి రానే రాదు. వాడుకున్నామని ఒక ప్రకటనలో చెబితే సరిపోతుంది. ఎల్సెవియర్ పత్రికలు దీన్ని రిఫరెన్సుల ముందు ప్రత్యేక శీర్షిక కింద అడుగుతాయి, ఐఈఈఈ అయితే కృతజ్ఞతల భాగంలో పెట్టమంటుంది. ఏ టూల్, ఏ భాగంలో, దేనికి అన్నవి మూడూ రావాలి:

```
ChatGPT (GPT-4o) was used to improve the English of the
abstract. The author checked and edited the text.
```

రెండో వాక్యం ఊరికే రాసేది కాదు. సరిచేసిన అబ్‌స్ట్రాక్ట్‌ను మీ పాత డ్రాఫ్టు పక్కన పెట్టి చదవండి. "నురగ పెరిగే అవకాశం ఉంది" అని మీరు రాసింది, భాష నునుపు చేసే క్రమంలో "నురగ పెరుగుతుంది" అని మారిపోయి ఉండొచ్చు. వైవాలో దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

బొమ్మ విషయం వేరు

2024 ఫిబ్రవరిలో ఫ్రాంటియర్స్ సంస్థ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. అందులోని ఎలుక బొమ్మ మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో గీయించింది. ఆ సంగతి రచయితలు పేపర్‌లోనే చెప్పారు. కానీ ఎలుక శరీరంలోని భాగాలు అసాధ్యమైన సైజులో ఉన్నాయి, వాటి పేర్లు అర్థంపర్థం లేని అక్షరాలు. కొద్ది రోజుల్లోనే పేపర్‌ను ఉపసంహరించారు. ఏఐ వాడామని చెప్పినంత మాత్రాన తప్పు బొమ్మ ఒప్పైపోదు.

మన అమ్మాయి గీయించుకున్న చెరువు బొమ్మలోనూ ఇదే వెతకాలి. బాణం గుర్తులు నీరు పారే దిక్కునే ఉన్నాయా, లేబుళ్లలో స్పెల్లింగ్ సరిగ్గా ఉందా, నురగ నీళ్లు దూకే చోటే ఉందా అని చూడాలి. ఫొటోలా కనిపించే బొమ్మ ఇంకా ప్రమాదం. బెళ్ళందూరు రోడ్డు మీద నురగ ఎగిరిన ఫొటోలు అందరూ చూసినవే కాబట్టి, దీన్ని కూడా నిజమైన ఫొటో అనుకుంటారు.

క్లాసు అసైన్‌మెంట్‌కు గైడ్ ఒప్పుకుంటే వాడుకోవచ్చు. అప్పుడు ఆ వివరం బొమ్మ కిందే ఉండాలి, చివరి పేజీలో కాదు:

```
Fig. 2. AI-generated illustration, not a photograph. "Cross-section
of a lake weir with foam" prompt, DALL-E 3, OpenAI, 12 Mar. 2025.
```

పత్రికకు పంపేట్టయితే మాత్రం గీయించుకోవద్దు. స్ప్రింగర్ నేచర్, ఎల్సెవియర్ లాంటి ప్రచురణ సంస్థలు కొన్ని మినహాయింపులు తప్ప ఏఐ బొమ్మలను తీసుకోవు. ఇలాంటి అడ్డుకోత బొమ్మకు పవర్‌పాయింట్‌లో నాలుగు గీతలు, మూడు బాణాలు చాలు. అరగంట పని, పైగా ప్రతి బాణం ఎందుకు అక్కడుందో మీరే చెప్పగలరు.

బొమ్మ ఎవరిదన్న ప్రశ్న ఇంకా తెగలేదు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 2(డి)(6) ప్రకారం కంప్యూటర్ తయారుచేసిన రచనకు రచయిత, దాన్ని తయారుచేయించిన వ్యక్తి. ఏఐ బొమ్మకు ప్రాంప్ట్ రాసినంత మాత్రాన ఆ వ్యక్తి మీరే అవుతారా అన్నది వాదనలో ఉంది. అమెరికాలో మాత్రం మనిషి రచయితగా లేని బొమ్మకు కాపీరైట్ లేదని అప్పీలు కోర్టు 2025 మార్చిలో తీర్పు ఇచ్చింది. అందుకే బొమ్మ కింద "రచయిత గీసినది" అని రాయకండి. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైల్‌ను అలాగే ఉంచుకోండి. ఏఐతో తయారైందని చెప్పే సమాచారం కొన్ని టూళ్లు ఫైల్ లోపలే పెడతాయి, వాట్సాప్‌లో పంపినా స్క్రీన్‌షాట్ తీసినా అది పోవచ్చు.