చాట్‌బాట్ ఫార్మాట్ తప్పుతోందా? ముందు ఉదాహరణల్ని చూడండి

కస్టమర్ల మెసేజ్‌లను చాట్‌బాట్‌కి ఇస్తున్నాం. ప్రతి మెసేజ్‌కీ మూడు లైన్ల జవాబు కావాలి: ఆర్డర్ నంబర్, సమస్య రకం, ఒక్క వాక్యంలో విషయం. ఆ జవాబును ఒక ప్రోగ్రామ్ చదివి షీట్‌లో ఎక్కిస్తుంది కాబట్టి ఒక్క లైన్ తేడా వచ్చినా పని ఆగిపోతుంది. "ఈ ఫార్మాట్‌లోనే ఇవ్వు" అని రాసి ఊరుకోకుండా, ప్రాంప్ట్‌లో ఇలాంటి ఉదాహరణలు మూడో నాలుగో పెట్టాం. దీన్నే ఫ్యూ-షాట్ అంటారు.

```
మెసేజ్: ఆర్డర్ 4471లో వచ్చిన బ్యాగ్ జిప్ ఊడిపోయింది.
ఆర్డర్: 4471
రకం: పాడైన వస్తువు
విషయం: బ్యాగ్ జిప్ ఊడిపోయింది
```

అయినా జవాబులు దారి తప్పుతున్నాయంటే, కింది వాటిలో మీది ఏదో చూసుకోండి.

సమస్య: లేబుల్ ఒకసారి "రకం" అని, ఇంకోసారి "సమస్య రకం" అని వస్తోంది. లేదా పైన "తప్పకుండా, ఇదిగో వివరాలు" అని ఒక లైన్ చేరుతోంది.

కారణం చాలాసార్లు ఉదాహరణల్లోనే ఉంటుంది. ఒకదాంట్లో చివర ఫుల్‌స్టాప్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఒకచోట లైన్ల వరస మారి ఉంటుంది. మనకు అది కంటికి ఆనదు గానీ, మోడల్ మాత్రం "రెండు రకాలుగానూ రాయొచ్చన్నమాట" అన్నట్టు నడుచుకుంటుంది. అందుకే సూచనలు తిరగరాసేముందు ఉదాహరణల్ని పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి.

అవి సరిగానే ఉండి, పైన పలకరింపు లైన్ మాత్రం వస్తుంటే అమరిక మార్చండి. ఉదాహరణలన్నీ ఒకే పేరాలో కుక్కకుండా, ఏపీఐలో మెసేజ్‌ని `user` వంతుగా, మూడు లైన్ల జవాబుని `assistant` వంతుగా ఇవ్వండి. తానే ఇంతకుముందు అలా జవాబిచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి మోడల్ అదే తీరు కొనసాగించే అవకాశం ఎక్కువ.

సమస్య: మెసేజ్‌లో ఆర్డర్ నంబర్ లేనప్పుడు బాట్ నంబర్ కల్పిస్తోంది, లేదా ఫార్మాట్ వదిలేసి "దయచేసి ఆర్డర్ నంబర్ చెప్పండి" అంటోంది.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మన ఉదాహరణలన్నిటిలోనూ నంబర్ ఉంది. నంబర్ లేకపోతే ఏం రాయాలో మనం ఎక్కడా చూపించలేదు. ఆ ఖాళీని మోడల్ తనకు తోచినట్టు పూరిస్తుంది. వచ్చిన నంబర్ 4471 అయితే అది ఉదాహరణలోంచి దిగిందని ఇట్టే తెలిసిపోతుంది. వేరే నంబర్ అయితే మెసేజ్‌తో పోల్చి చూస్తే తప్ప పట్టుకోలేం.

దీనికి, నంబర్ లేని సందర్భాన్నీ ఒక ఉదాహరణగా ఇవ్వాలి:

```
మెసేజ్: పది రోజులైంది, పార్సిల్ ఇంకా రాలేదు.
ఆర్డర్: లేదు
రకం: ఆలస్యం
విషయం: పది రోజులైనా పార్సిల్ రాలేదు
```

అలాగే ఏ రకానికీ చెందని మెసేజ్‌కి "ఇతర" అని చూపించే ఉదాహరణ ఒకటి ఉండాలి. మామూలు మెసేజ్‌కి ఇంకో ఉదాహరణ చేర్చడం కన్నా ఇలాంటి చిక్కు మెసేజ్ ఒక్కటి చేర్చడం మేలని నా అభిప్రాయం.

సమస్య: ఫార్మాట్ బాగానే ఉంది, కానీ సగం మెసేజ్‌లు "పాడైన వస్తువు" కిందికే పోతున్నాయి.

ఉదాహరణల్లో ఆ రకమే ఎక్కువసార్లు ఉందేమో, లేదా చివరి ఉదాహరణ అదేనేమో చూడండి. ఎక్కువసార్లు కనిపించిన లేబుల్ వైపు, చివర్లో కనిపించిన లేబుల్ వైపు మోడల్ మొగ్గుతుందని 2021లో జీపీటీ-3 మీద చేసిన పరిశోధనలోనే తేలింది. కొత్త మోడళ్లలో ఈ మొగ్గు తక్కువగా ఉండొచ్చు గానీ, రకానికొకటి చొప్పున పెట్టి వరస కలగలిపేయడానికి పెద్ద శ్రమేం లేదు.

సమస్య: మొదట్లో సరిగానే ఇస్తోంది, సంభాషణ సాగేకొద్దీ ఫార్మాట్ సడలుతోంది.

మధ్యలో ఒక్క తప్పు జవాబు వచ్చి, అది అలాగే సంభాషణలో ఉండిపోతే, అదీ ఒక ఉదాహరణగానే పనిచేస్తుంది. ప్రతి మెసేజ్‌నీ కొత్త రిక్వెస్ట్‌గా, అవే ఉదాహరణలతో పంపండి. పాత జవాబులు మోయించకండి.

ఇవన్నీ చేసినా నూటికి నూరుపాళ్లు గ్యారంటీ ఉండదు. జవాబు ఎంత మారుతూ రావాలో నిర్ణయించే టెంపరేచర్ సెట్టింగ్‌ను 0కి దించితే జవాబుల్లో తేడాలు తగ్గుతాయి, కానీ ఉదాహరణల్లోని లోపం పోదు. మీ సర్వీస్‌లో జవాబు రూపాన్ని కట్టడి చేసే జేసన్ స్కీమా పెట్టుకునే వీలుంటే లైన్ల గొడవ దాదాపు తీరిపోతుంది. అప్పుడు కూడా ఏ మెసేజ్ ఏ రకమో చెప్పడానికి ఉదాహరణలు కావాలి. స్కీమా లేకపోతే షీట్‌లో ఎక్కించేముందు ఈ ప్యాటర్న్‌తో సరిచూడండి:

```
^ఆర్డర్: ([0-9]+|లేదు)\nరకం: (పాడైన వస్తువు|ఆలస్యం|రీఫండ్|ఇతర)\nవిషయం: .+$
```

సరిపోని జవాబును ఒక్కసారి మళ్లీ అడిగించండి. రెండోసారీ తప్పితే ఆ మెసేజ్‌ని మనిషి చూసేలా పక్కన పెట్టండి. అలా పోగైన వాటిలో ఒకే రకం మెసేజ్ మళ్లీ మళ్లీ కనిపిస్తే, ప్రాంప్ట్‌లో చేర్చాల్సిన తర్వాతి ఉదాహరణ అదే.