సార్వా ఊడ్పుల్లో జ్వరమొస్తే: టీబీ మందులు వాడేవాళ్ళు లివరును కనిపెట్టుకోవాల్సిన తీరు

గోదావరి డెల్టాలో ఊడ్పులు, ముసురు, జ్వరాలు ఒకేసారి వస్తాయి. మోకాళ్ళ లోతు బురదలో రోజంతా వంగి నాటిన మనిషికి రాత్రికి ఒళ్ళు కాలితే ఎవరూ ఆసుపత్రికి పరిగెత్తరు. కిళ్ళీ కొట్లో జ్వరం బిళ్ళ దొరుకుతుంది, అదే వేసుకుంటారు. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. టీబీ మందులు మొదలెట్టి రెండు నెలలు నిండనివాళ్ళ సంగతి మాత్రం వేరు. ఈ జాగ్రత్తలు వాళ్ళకీ, వాళ్ళింట్లో వాళ్ళకీ.

మొదటి రెండు నెలలు ఇచ్చే బిళ్ళలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. వాటిలో పైరజినమైడ్, ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ లివరును దెబ్బతీయగలవు. నాలుగోదైన ఇథాంబ్యుటాల్‌కు ఆ గుణం దాదాపు లేదు. దెబ్బ తగిలేది కొద్దిమందికే, అదీ ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే. జ్వరం బిళ్ళలో ఉండే పారాసెటమాల్ పని ఇంకో రకం. అందులో ఎక్కువ భాగం లివరు మామూలుగానే బయటికి పంపేస్తుంది, కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. ఆ విషాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే సరుకు లివరులో నిల్వ ఉంటుంది. బక్కచిక్కినవాళ్ళలో, నాలుగు రోజులుగా అన్నం సయించనివాళ్ళలో, రోజూ తాగేవాళ్ళలో ఆ నిల్వ తక్కువ. ఐసోనియజిడ్, మద్యం ఆ విషం తయారీని పెంచగలవు కూడా. టీబీ రోగి జ్వరంతో పడుకున్నప్పుడు ఇవన్నీ ఒకచోట చేరతాయి.

ఒక లెక్క చూద్దాం. 42 కిలోల వ్యవసాయ కూలీ ఆవిడ, టీబీ మందు మొదలెట్టి అయిదో వారం. ఆ బరువుకు నాలుగు మందుల బిళ్ళలు రోజుకు మూడు. జ్వరానికి ఊళ్ళో ఆర్‌ఎంపీ 650 బిళ్ళ మూడుపూటలా ఇచ్చాడు, 1,950 మిల్లీగ్రాములు. జలుబుందని కొట్లో తెచ్చుకున్న బిళ్ళలో పారాసెటమాల్ 500 ఉంది, రోజుకు రెండు వేసుకుంది, 1,000. ఒళ్ళునొప్పుల బిళ్ళలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ 325 ఉంది, అదీ రెండు, 650. కలిపితే రోజుకు 3,600. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు చెప్పే గరిష్ఠం 4,000 కాబట్టి ఈ లెక్క చూసి ఎవరూ ఉలిక్కిపడరు. కానీ ఇంత తక్కువ బరువుతో టీబీ మందుల మీద ఉన్న మనిషికి 2,000 దాటనివ్వకపోవడం మంచిది. ఆవిడ అయిదు రోజులు ఇలాగే వాడింది. మూడు బిళ్ళల్లోనూ ఒకే మందుందని ఇచ్చినవాళ్ళూ చెప్పలేదు, వేసుకున్నావిడకీ తెలియదు.

అందుకని ఇంట్లో ఉన్న అట్టలన్నీ ముందేసుకుని, వెనక సన్నక్షరాల్లో పారాసెటమాల్ అని ఎన్నిటి మీద ఉందో చూడండి. జ్వరానికి ఒక్క రకమే ఉంచుకోండి. 500 బిళ్ళ, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. మూడో రోజుకీ జ్వరం తగ్గకపోతే బిళ్ళ పెంచడం కాదు, రక్తపరీక్ష చేయించుకోవాలి. పారాసెటమాల్ అంటే భయపడి నొప్పి ఇంజెక్షన్‌కు మాత్రం పోవద్దు, ఆ జ్వరం డెంగీ అయితే రక్తస్రావం తెచ్చిపెడుతుంది.

ఇక గుర్తుపట్టడం. ఇక్కడే చాలామంది పొరబడతారు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ ఎరుపుగా వస్తుంది. మందు ఇచ్చేటప్పుడే "మూత్రం ఎర్రగా వస్తదండి, కంగారుపడకండి" అని చెబుతారు, చెప్పాలి కూడా. కానీ ఆ మాట పట్టుకుని కామెర్ల మూత్రాన్ని కూడా బిళ్ళల ఖాతాలో వేసేస్తారు. తేడా ఇలా తెలుస్తుంది. రిఫాంపిసిన్ రంగు బిళ్ళ వేసుకున్న కొన్ని గంటల్లో ముదిరి, సాయంత్రానికి పలచబడి, మర్నాడు బిళ్ళకు ముందు చాలావరకు పోతుంది. కామెర్ల రంగు డికాక్షన్‌లా గోధుమగా ఉంటుంది, రోజంతా ఉంటుంది. పొద్దున్నే బిళ్ళకు ముందు, తెల్లటి ప్లాస్టిక్ సీసాలో పట్టి ఊపి చూడండి. నురగ పసుపుగా నిలిస్తే అనుమానించాలి. జ్వరంలో నీళ్ళు తక్కువ తాగినా మొదటిసారి ముదురుగానే వస్తుంది. రెండు గ్లాసులు తాగాక వచ్చేది తేటబడితే అది నీళ్ళ లోటు. కంటి తెల్లగుడ్డును మాత్రం ట్యూబులైటు కింద కాకుండా వాకిట్లో పగటి వెలుతురులో చూడాలి.

రంగు దాకా ఆగడం కూడా ఆలస్యమే. లివరు ముందుగా చెప్పేది ఆకలి ద్వారా. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న పులుసు వాసనకే వికారం, కుడి డొక్క కింద బరువు, లేవబుద్ధికాని నీరసం. టీబీ బిళ్ళలతో తొలివారంలో కొందరికి వికారం మామూలే, అది తింటూ పోతే సర్దుకుంటుంది. సర్దుకున్న వికారం నాలుగైదు వారాలకు మళ్ళీ మొదలైతే దాన్ని గ్యాసనుకుని గ్యాసు బిళ్ళ మింగకండి. ఆ పూట టీబీ బిళ్ళలు, జ్వరం బిళ్ళలు రెండూ ఆపి, ఆశా కార్యకర్తకో టీబీ సిబ్బందికో ఫోన్ చేసి, ఆ రోజే లివరు పరీక్షకు వెళ్ళండి. చెప్పకుండా ఆపి ఇంట్లో కూర్చుంటే టీబీ మొండికేస్తుంది.

పరీక్షలో చూసేది ఎస్‌జీపీటీ, లివరు దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె. మామూలు హద్దు సుమారు 40 అనుకుంటే, వికారం, వాంతులు ఉండి 120 దాటినా, ఏ బాధా లేకుండా 200 దాటినా డాక్టర్లు మందులు ఆపుతారు. అంతకు తక్కువ పెరుగుదల చాలామందిలో వచ్చి తానే తగ్గుతుంది. పైన చెప్పినావిడకు ఎస్‌జీపీటీ 640, కామెర్ల పసుపును కొలిచే బిలిరుబిన్ 3 వచ్చిందనుకోండి, ఇక మందులు ఆపడంలో అనుమానం లేదు. దాంతోపాటు హెపటైటిస్ ఎ, ఇ పరీక్షలు కూడా చేస్తారు. వానాకాలంలో కాలువ నీళ్ళు తాగేచోట అవీ ఇలాగే కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టే పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం. అది పాడైనా, మనిషి మత్తుగా మాట తడబడుతున్నా 108 పిలిచి పెద్దాసుపత్రికి పంపాలి.

కామెర్లనగానే పసరు మందుకు తీసుకెళ్ళే అలవాటు మన వైపు గట్టిగా ఉంది. ఆ పసరులో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. అంతకన్నా నష్టం, పసరు తాగుతూ టీబీ బిళ్ళలు కూడా వేసుకోవడం. చేతిమీద వాతలు పెట్టించుకున్నవాళ్ళు పుండ్లతో సహా వస్తారు.

లివరు కుదుటపడ్డాక టీబీ మందులు మళ్ళీ మొదలవుతాయి, అన్నీ ఒకేసారి కాదు. ఎస్‌జీపీటీ 80 లోపుకు దిగాక సాధారణంగా ముందు రిఫాంపిసిన్, కొన్ని రోజులకు ఐసోనియజిడ్, మధ్యమధ్య రక్తపరీక్ష. దెబ్బ గట్టిగా తగిలినవాళ్ళకు పైరజినమైడ్ మళ్ళీ ఇవ్వకుండా, మొత్తం చికిత్స కాలం పొడిగిస్తారు. మిగిలిపోయిన పాత అట్టలు ఇంట్లో ఉంచుకోవద్దు, తిరిగి ఇచ్చేయండి.

పారాసెటమాల్ ఒక్కసారే ఎక్కువ మింగితే, పొరపాటున పిల్లలైనా, కోపంలో పెద్దవాళ్ళైనా, మొదటి రోజు వాంతి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. లివరు దెబ్బ రెండో రోజు నుంచి బయటపడుతుంది. విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే సెలైన్ మందు. అది ఎనిమిది గంటల్లోపు పడితే లివరు దాదాపుగా దక్కుతుంది. ఆలస్యమైనా ఇస్తారు, ఫలం తగ్గుతుంది. కాబట్టి మనిషి బాగానే ఉన్నాడని చూస్తూ కూర్చోకుండా, ఎందుకు మింగావని నిలదీయకుండా, ఖాళీ అట్టలు చేత్తో పట్టుకుని వెంటనే బయలుదేరండి. ఎన్ని గంటలకు మింగారో ఆ అట్ట మీదే రాయండి, డ్యూటీ డాక్టరు మొదట అడిగేది అదే.