బట్టల చీటీ చదవడం – 3: తొట్టి కింద రెండు గీతలు

గత రెండు భాగాల్లో అయిదు బొమ్మలు చూశాం. నీళ్ల తొట్టి ఉతకడానికి, త్రిభుజం బ్లీచింగ్‌కి, చతురస్రం ఆరబెట్టడానికి, ఇస్త్రీ పెట్టె ఇస్త్రీకి, ఉత్త వృత్తం డ్రైక్లీనింగ్ షాపు వాళ్లకి. ఈసారి రెండు చీటీలు ముందు పెట్టుకుని చదువుదాం. ఒకటి ఉన్ని స్వెటర్‌ది, రెండోది పట్టు కుర్తాది.

స్వెటర్ చీటీలో మొదట తొట్టి, అందులో 30, తొట్టి కింద రెండు అడ్డగీతలు. తర్వాత కొట్టేసిన త్రిభుజం. తర్వాత రెండు చతురస్రాలు: ఒకదాంట్లో వృత్తం ఉంది, దాన్ని కొట్టేశారు, ఇంకోదాంట్లో నడుమ ఒక అడ్డగీత. చివర రెండు చుక్కల ఇస్త్రీ పెట్టె, పి అక్షరం ఉన్న వృత్తం.

దాదాపు అందరూ 30 చదివేసి ఆగిపోతారు. నేనూ అంతే చేశాను. మా నాన్నగారి బూడిదరంగు స్వెటర్‌ని మెషీన్లో వేసి, 30 డిగ్రీలు పెట్టి, కాటన్ బట్టల సైకిల్ నొక్కి వెళ్లిపోయాను. వచ్చేసరికి అది పదేళ్ల పిల్లాడికి సరిపోయేలా తయారైంది. వేడి నేను ఎక్కువ పెట్టలేదు. తప్పంతా ఆ రెండు గీతల్ని వదిలేయడంలోనే ఉంది.

అంకె వేడి గురించి చెబుతుంది, గీతలు కుదుపు గురించి చెబుతాయి. గీత లేకపోతే మామూలు ఉతుకు. ఒక గీత ఉంటే మెల్లగా, రెండు ఉంటే ఇంకా మెల్లగా, అంటే మెషీన్లో ఊల్ లేదా డెలికేట్ అని రాసున్న సైకిల్. ఉన్నికి ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఉన్ని పోగు నున్నగా ఉండదు. దాని మీద ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పొలుసులు ఉంటాయి. తడిసి, వెచ్చబడి, అటూ ఇటూ కుదిపితే పోగులు ఒకవైపే జారి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మళ్లీ వెనక్కి రావు. అల్లిక కళ్లు కనిపించకుండా పూడుకుపోయి, బట్ట మందంగా కంబళి ముక్కలా అయిందంటే ఆ పని జరిగిపోయినట్టే. ఇక లాగినా సాగదు. అదే స్వెటర్ కొలత తప్పినా కళ్లు విడివిడిగా కనిపిస్తుంటే ఇంకా ఆశ ఉంది. తడిపి ఆకారం సరిచేయొచ్చు.

30 అన్నది పైహద్దు. అంతకంటే చల్లగా ఉన్నా చీటీకి అభ్యంతరం లేదు. మన దగ్గర తిరకాసు వేరే ఉంది. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చురుక్కుమంటాయి. ‘చన్నీళ్లలోనే ఉతికానండీ, అయినా పాడైంది’ అనేవాళ్లలో కొందరి సంగతి ఇదే. ముంజేతి లోపలివైపు నీళ్లు పోసుకుని చూడండి. వెచ్చగా తగిలితే 30 దాటినట్టే అనుకుని, పొద్దున పట్టి నీడలో పెట్టిన బకెట్ నీళ్లు వాడండి.

చేత్తో ఉతికితే నేను చేసేది ఇది. ముందు స్వెటర్‌ని పాత న్యూస్‌పేపర్ మీద పరిచి చుట్టూ పెన్సిల్‌తో గీత గీస్తాను. బకెట్ నీళ్లలో ఉన్నికి పనికొచ్చే లిక్విడ్, డబ్బా మీద రాసినంతే కలిపి, అందులో ముంచి అరచేతులతో నొక్కి వదులుతాను. రుద్దను, బండ మీద కొట్టను. రెండుసార్లు జాడిస్తాను, ఆ నీళ్లూ మొదటివాటంత చల్లగానే ఉండాలి. పిండకుండా తువ్వాలులో చాపలా చుట్టి నొక్కితే తడి దిగిపోతుంది. ఇప్పుడు చతురస్రంలోని అడ్డగీత పని. అది పడుకోబెట్టి ఆరేయమని చెబుతోంది. దండెం మీద వేస్తే తడి బరువుకి చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. అందుకే నవారు మంచం మీద ఆ పేపర్ గీతలో సరిపోయేలా సర్దుతాను (సిరా అంటకుండా పైన పాత దుప్పటి). పక్కనున్న వృత్తం చతురస్రం డ్రయ్యర్‌ది. దాన్ని కొట్టేశారంటే వేడి, కుదుపు రెండూ కలిసే చోటుకి పంపొద్దని.

చీటీలో రాయని మాట ఒకటుంది. మరకలు పోగొట్టే పొడుల్లో చాలావాటిలో మాంసకృత్తుల్ని కరిగించే ఎంజైములు కలుపుతారు. పాలు, రక్తం మరకలకి అవి మంచివే. కానీ ఉన్ని, పట్టు కూడా మాంసకృత్తులే. ప్యాకెట్ మీద ఎంజైములని ఉంటే పక్కన పెట్టండి. త్రిభుజం కొట్టేయడానికీ ఇలాంటి కారణమే: క్లోరిన్ బ్లీచ్ ఈ పోగుల్ని తినేస్తుంది.

ఇప్పుడు పట్టు కుర్తా. తొట్టిలో చెయ్యి, కొట్టేసిన త్రిభుజం, కొట్టేసిన డ్రయ్యర్. తర్వాతి చతురస్రంలో నడుమ ఒక నిలువుగీత, ఎడమ పై మూలన రెండు ఏటవాలు గీతలు. ఇస్త్రీ పెట్టెలో ఒకే చుక్క.

తొట్టిలో చెయ్యి అంటే చేత్తోనే ఉతకాలి, నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. నిలువుగీత దండెం మీద వేయమంటుంది. మూలనున్న ఏటవాలు గీతలు నీడని చెబుతాయి. ఆ రెండు చిన్న గీతల్ని తక్కువగా చూడకండి; ఎండకి తెల్ల పట్టు పసుపెక్కుతుంది, రంగు పట్టు వెలుస్తుంది, పోగు కూడా బలం తగ్గుతుంది. పట్టుకి పొలుసులు లేవు కాబట్టి ఉన్నిలా పూడుకుపోదు. కానీ తడిసినప్పుడు బలహీనపడుతుంది. మెలిపెట్టి పిండితే కుట్ల దగ్గర పీలికలయ్యేది అందుకే. ఉతికే ముందు లోపలి కుట్టు మీద తడిపిన తెల్లగుడ్డ ఒక నిమిషం అదిమి చూడండి. గుడ్డకి రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు.

ఇస్త్రీ చుక్కల లెక్క సుమారుగా: ఒకటి 110, రెండు 150, మూడు 200 డిగ్రీల దాకా. ఇక్కడ ఒక చిక్కుంది. చాలా ఇస్త్రీ పెట్టెల మీద సిల్క్ అన్న పేరు రెండు చుక్కల దగ్గర ఉంటుంది. కుర్తా చీటీ ఒక చుక్కే అంటోంది. పేరుని కాదు, చుక్కని నమ్మండి. ఆ కుర్తాకి వేసిన రంగు, లోపలి లైనింగ్, దారం అన్నీ చూసి పెట్టిన చుక్క అది. బట్ట కాస్త తడిగా ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయండి. ఆరిపోయాక నీళ్లు చిలకరిస్తే చుక్కలు చుక్కలుగా మచ్చలు నిలుస్తాయి. వీధిలో బొగ్గుల పెట్టె ఇస్త్రీ బండికి ఒక చుక్క బట్ట ఇవ్వకపోవడమే మేలు, అక్కడ వేడి చెప్పే మీట ఉండదు.

ఇక వృత్తంలో అక్షరాలు డ్రైక్లీనర్ ఏ ద్రావకం వాడాలో చెబుతాయి. మనం చూడాల్సిందల్లా వృత్తాన్ని కొట్టేశారా లేదా అన్నదే.

చీరలకి తరచుగా ఈ బొమ్మల చీటీయే ఉండదు. సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంటుంది కదా అంటారు. సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన ఆ గుర్తు, అది అసలు పట్టేనని చెబుతుంది. ఎలా ఉతకాలో చెప్పదు. జరీ అంచు చీరని నేనైతే ఇంట్లో తడపను.

అభ్యాసం: ఇంట్లో ఏదైనా శాలువా తీసి చీటీ చూడండి. తొట్టిలో 40, కింద ఒక గీత, చతురస్రంలో రెండు అడ్డగీతలు ఉన్నాయనుకోండి. తొట్టి సంగతి మీకు వచ్చు. ఆ రెండు అడ్డగీతలు ఏమంటున్నాయో, తువ్వాలులో చుట్టి నొక్కే పని దానికి అవసరమో కాదో రాసుకోండి. జవాబు నాలుగో భాగం మొదట్లో.