ఆగిపోయిన ఇంక్రిమెంటు కోసం అర్జీ ఎలా రాయాలి?

పర్లాకిమిడిలోని ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. పేరు రావు అనుకుందాం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మే నెలలో గుణుపురం నుంచి బదిలీ మీద వచ్చాడు. అతని ఇంక్రిమెంటు తేదీ జూలై 1. ఆ రోజుతో మూలవేతనం 22,400 నుంచి 23,100 కావాలి. జూలై జీతం స్లిప్పులో పాత అంకే ఉంది. ఆగస్టులోనూ అంతే.

రావు బిల్లు గుమాస్తాతో రెండుసార్లు గొడవపడ్డాడు. ఆ తర్వాత కోపంగా ఒక కాగితం రాశాడు: "బిల్లు సెక్షన్ నిర్లక్ష్యం వల్ల నా ఇంక్రిమెంటు ఆగింది, వెంటనే ఇప్పించాలి." దాన్ని బొడొబాబు చేతికిచ్చాడు. అక్కడ హెడ్ క్లర్కుని అలాగే పిలుస్తారు. ఆయన చదివి, "ఇది చూసి సారు ఏం చేస్తారయ్యా? వివరణ ఇమ్మని బిల్లు సెక్షన్‌కి పంపుతారు. వాళ్లు జవాబు రాసుకుంటారు. నీ ఇంక్రిమెంటు సంగతి మాత్రం ఎవరూ చూడరు" అన్నాడు.

కాబట్టి కలం పట్టకముందు, ఇంక్రిమెంటు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. బిల్లు గుమాస్తాని మామూలుగా అడిగితే చెప్తాడు. రావు విషయంలో తప్పు ఈ ఆఫీసుది కానే కాదు. పాత ఆఫీసు నుంచి చివరి జీతం సర్టిఫికెట్టు వచ్చింది కాబట్టి జీతం నడుస్తోంది. సర్వీసు బుక్కు మాత్రం రాలేదు. ఏడాది సర్వీసు సరిగ్గా ఉందా, జీతం లేని సెలవులేమైనా ఉన్నాయా అన్నది అందులో చూడకుండా ఇంక్రిమెంటు మంజూరు చేయరు. మీరు నిజంగానే జీతం లేని సెలవు పెట్టి ఉంటే ఇంక్రిమెంటు తేదీ ఆలస్యం కావచ్చు, ముందు అది లెక్క చూసుకోండి. శిక్షగా ఆపి ఉంటే దారి వేరు, దానికి అప్పీలు చేసుకోవాలి. ఈ రకం అర్జీ అక్కడ పనికిరాదు.

కారణం తెలిశాక, దాన్ని తీర్చడానికి మీ అధికారి ఏ కాగితం మీద సంతకం పెట్టాలో ఆలోచించండి. అర్జీలో అడగాల్సింది అదే. "ఇంక్రిమెంటు ఇప్పించండి" అంటే, బుక్కు లేకుండా ఆయన ఇవ్వలేరు. "బుక్కు పంపమని పాత ఆఫీసుకి ఉత్తరం రాయండి" అంటే ఆ రోజే రాయగలరు.

రావు ముందు తెలుగులో చిత్తు రాసుకున్నాడు, తర్వాత ఒడియాలోకి మార్చుకున్నాడు. చిత్తు ఇలా ఉంది:

"విషయం: జూలై 1 నాటి వార్షిక ఇంక్రిమెంటు, సర్వీసు బుక్కు తెప్పించడం గురించి.

అయ్యా, నేను మే నెలలో గుణుపురం కార్యాలయం నుంచి బదిలీపై ఇక్కడ చేరాను. నా ఇంక్రిమెంటు జూలై 1న రావలసి ఉంది. నా సర్వీసు బుక్కు ఇంకా అందనందున అది నమోదు కాలేదని తెలిసింది. దయచేసి బుక్కు పంపవలసిందిగా ఆ కార్యాలయానికి రాయించి, అది అందాక జూలై 1 నుంచి ఇంక్రిమెంటు, బకాయిలతో మంజూరు చేయగలరని మనవి.

జతపరచినవి: బదిలీ ఉత్తర్వు, చేరిక రిపోర్టు, జూన్, జూలై జీతం స్లిప్పుల నకళ్లు."

ఇందులో ఎవరి మీదా నింద లేదు. కాళ్లా వేళ్లా పడటమూ లేదు. "ఇల్లు గడవటం లేదు, పిల్లల ఫీజులు కట్టాలి" లాంటి మాటలు కొందరు రాస్తారు. వాటితో సారుకి జాలి కలుగుతుందేమో గానీ ఫైలు కదలదు. "జూలై 1 నుంచి", "బకాయిలతో" అన్న మాటలు మాత్రం వదలొద్దు. అర్జీలో అవి లేకపోతే బకాయి కోసం మళ్లీ ఇంకో కాగితం పెట్టుకోవాల్సి రావచ్చు.

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. సొంత ఆఫీసులో ముద్ర అడగటం మొహమాటంగానే ఉంటుంది. రావుకీ అలాగే అనిపించింది. కానీ గుర్తుచేసే ఉత్తరం రాయాల్సి వస్తే ఆ నంబరే ఆధారం.

రావు సెప్టెంబరు మొదట్లో అర్జీ ఇచ్చాడు. నెలాఖరు వరకు బుక్కు రాలేదు. అప్పుడు రెండు వాక్యాలే రాశాడు: "ఫలానా డైరీ నంబరు గల నా అర్జీని దయచేసి చూడగలరు. సర్వీసు బుక్కు కోసం రాసిన ఉత్తరానికి జవాబు రాకపోతే, మరోసారి రాయించగలరని మనవి." మొదటి అర్జీలోని సంగతులన్నీ మళ్లీ ఏకరువు పెట్టలేదు. పాత ఆఫీసులో తనకు తెలిసినాయనకు ఫోన్ చేసి, బుక్కు ఏ బల్ల మీద ఉందో చూడమన్నాడు కూడా.

అక్టోబరులో బుక్కు వచ్చింది, ఉత్తర్వూ వచ్చింది. ఆ నెల జీతంలో కొత్త మూలవేతనంతో పాటు జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలకు ఏడొందల చొప్పున 2,100 రూపాయల బకాయి పడింది. ఇక్కడ స్లిప్పు ఒకసారి జాగ్రత్తగా చూడాలి. ఆ ఏడొందల మీద కరువు భత్యం కూడా కలిసిందా? సర్వీసు బుక్కులో ఇంక్రిమెంటు తేదీ జూలై 1 అనే రాశారా, లేక ఉత్తర్వు వచ్చిన అక్టోబరు తేదీ వేశారా? అక్టోబరు అని పడితే వచ్చే ఏడాది మళ్లీ ఇదే తంటా. అందుకని బుక్కు బీరువాలోకి వెళ్లకముందే ఆ పేజీ చూపించమని అడగండి.