బ్యాలెన్స్ షీట్ 6,400 తేడా వస్తోందా? డ్రాయింగ్స్ వడ్డీ ఎటు వేశారో చూడండి

సమస్య: పార్టనర్‌షిప్ అకౌంట్స్ అన్నీ వేసేశాం, బ్యాలెన్స్ షీట్ మాత్రం కలవట్లేదు, క్యాపిటల్, అప్పులు ఉండే వైపు 6,400 తక్కువ పడుతోంది. కూడికలు మూడుసార్లు చూసినా అంతే.

లెక్క ఇదీ. ఏ, బి ఇద్దరు పార్టనర్లు, లాభం 3:2లో పంచుకుంటారు. నెట్ ప్రాఫిట్ 1,20,000. క్యాపిటల్ మీద వడ్డీ ఏకి 18,000, బికి 12,000, పైగా బికి జీతం 24,000. ఏ ప్రతి నెలా మొదట్లో 4,000 చొప్పున వాడుకున్నాడు, బి ఏడాది ముగియడానికి 3 నెలల ముందు ఒకేసారి 24,000 తీసుకున్నాడు. డ్రాయింగ్స్ మీద వడ్డీ ఏడాదికి 10%.

కారణం: వడ్డీ అనగానే చెయ్యి అలవాటుగా తీసివేతకే పోతుంది. క్యాపిటల్ మీద వడ్డీ ఫర్మ్ పార్టనర్‌కి ఇచ్చేది, డ్రాయింగ్స్ మీద వడ్డీ పార్టనర్ ఫర్మ్‌కి కట్టేది, అంటే దీన్ని లాభానికి కలపాలి. ఇక్కడ ఆ వడ్డీ మొత్తం 3,200, కలపాల్సింది తీసేస్తే తేడా దానికి రెట్టింపు, అదే 6,400. తేడా సరిగ్గా 3,200 వచ్చుంటే మాత్రం కరెంట్ అకౌంట్‌లో డెబిట్ వేసి అప్రాప్రియేషన్ అకౌంట్‌లో వేయడం మర్చిపోయారని.

పరిష్కారం: 1,20,000కి 3,200 కలిపి, వడ్డీ 30,000, జీతం 24,000 తీసేస్తే 69,200 మిగులుతుంది, అందులో ఏకి 41,520, బికి 27,680. ఇవన్నీ కరెంట్ అకౌంట్లలోకే వెళ్తాయి, ఫిక్స్‌డ్ క్యాపిటల్ పద్ధతి కాబట్టి క్యాపిటల్ అకౌంట్‌ని ముట్టుకోకండి. డ్రాయింగ్స్, వాటి వడ్డీ డెబిట్ చేశాక ఏకి 8,920, బికి 39,080 క్రెడిట్ నిలుస్తుంది (ఓపెనింగ్ బ్యాలెన్స్ లేదనుకుంటే). రెండూ కలిపితే 48,000, లాభంలోంచి డ్రాయింగ్స్ 72,000 తీసేసినా అంతే రావాలి, నేనైతే బ్యాలెన్స్ షీట్‌కి వెళ్లకముందే ఇది చూసుకుంటాను.

ఇంకో సమస్య: అన్నీ కలిశాయి కానీ బి "నాకు తక్కువొచ్చింది" అంటున్నాడు. ఇది అసలు దొంగ తప్పు, ఎందుకంటే బ్యాలెన్స్ షీట్ దీన్ని పట్టుకోదు. ఎవరు ఎప్పుడు తీశారో చూడకుండా ఇద్దరికీ 12 నెలల వడ్డీ వేసేస్తే ఏకి 4,800, బికి 2,400 అవుతుంది, లాభానికి కలిపిందీ అంతే, కరెంట్ అకౌంట్లలో డెబిట్ చేసిందీ అంతే కాబట్టి టోటల్ చక్కగా కలుస్తుంది, కానీ బి బ్యాలెన్స్ 200 తగ్గి ఏ దగ్గర 200 పెరుగుతుంది.

దీనికి నెలలు లెక్కపెట్టడమే మార్గం. ఏ మొదటి 4,000కి 12 నెలలు, చివరి 4,000కి ఒక్క నెల, సగటు ఆరున్నర నెలలు:

```
48,000 × 10% × 6.5/12 = 2,600
24,000 × 10% × 3/12 = 600
```

ప్రతి నెలా మధ్యలో తీస్తే 6, నెలాఖరున తీస్తే 5.5 వేయాలి. ఇవి ప్రతి నెలా ఒకే మొత్తం తీసినప్పుడే పనిచేస్తాయి, ఒక నెల 4,000, ఇంకో నెల 9,000 అయితే ఒక్కో విత్‌డ్రాయల్‌కి తేదీ నుంచి విడిగా వేసుకోవాల్సిందే.